సంతకం లేని ఉద్యోగం

ఒక రైతు తహసీల్దార్ కార్యాలయానికి వచ్చి అర్జీ ఇస్తాడు. దానికి ఇన్‌వార్డు నంబరు పడుతుంది. సంబంధిత సెక్షన్‌లోని జూనియర్ అసిస్టెంట్ దాన్ని తన పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కించుకుని, బీరువాలోంచి పాత రికార్డు తీసి, దుమ్ము దులిపి, నాలుగు పేజీలు తిరగేసి, నోటు రాసి పుటప్ చేస్తాడు. ఆ నోటు డిప్యూటీ తహసీల్దార్ చేతి మీదుగా తహసీల్దార్ బల్ల మీదకు చేరుతుంది. చివరకు రైతు చేతికి ఒక జవాబు వస్తుంది. దాని కింద తహసీల్దార్ పేరు, సంతకం ఉంటాయి. రికార్డు వెతికిందెవరో, లెక్క సరిచూసిందెవరో అందులో ఎక్కడా ఉండదు. ఆ అసిస్టెంట్ పేరు కాగితం మీద విడిగా కనిపించే సందర్భం మాత్రం ఒకటుంది. అర్జీ ఆలస్యమైనప్పుడు వచ్చే మెమోలో.

జీతం తక్కువ, ఉద్యోగం మాత్రం పదిలం. చిన్న స్థాయి ప్రభుత్వోద్యోగి బతుకును ఒక్క ముక్కలో చెప్పమంటే చాలామంది చెప్పేది ఇదే. వాళ్లెందుకు మనసు పెట్టి పనిచేయరన్న ప్రశ్నకు ఊళ్లో రెండు జవాబులు దొరుకుతాయి. జీతం చాలక అని ఉద్యోగులంటారు. ఎవరూ తీసెయ్యలేరన్న ధీమా అని జనం అంటారు. అరవై ఏళ్లకు పైగా చర్చలో ఉన్న ఒక సిద్ధాంతం ఈ రెండు జవాబులనూ పక్కన పెట్టి మూడో దాన్ని చూపిస్తుంది.

అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ తన సహచరులతో కలిసి పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కలిశాడు. ఉద్యోగంలో మీకు ఎంతో సంతోషం కలిగిన సందర్భం ఒకటి, బాగా విసుగొచ్చిన సందర్భం ఒకటి చెప్పండని అడిగాడు. 1959లో పుస్తకంగా వచ్చిన ఫలితం చాలామంది ఊహకు భిన్నంగా ఉంది. సంతోషాన్నిచ్చిన సంగతులు, విసుగు పుట్టించిన సంగతులు ఒకే తాడుకు రెండు కొసలు కావు. అవి రెండు వేరు వేరు జాబితాలు. సంతోషం కథల్లో ఎక్కువగా వినిపించినవి ఒక పని సాధించడం, దాన్ని నలుగురూ గుర్తించడం, పనిలోని ఆసక్తి, బాధ్యత, ఎదుగుదల. విసుగు కథల్లో వినిపించినవి సంస్థ నిబంధనలు, పై అధికారి తీరు, జీతం, పనిచేసే చోటు, తోటివారితో పొరపొచ్చాలు.

రెండో జాబితాకు హెర్జ్‌బర్గ్ పెట్టిన పేరు హైజీన్, అంటే పరిశుభ్రత. ఆ పోలిక సరిగ్గా కుదిరింది. వీధిలో మురుగు తీయిస్తే జబ్బులు తగ్గుతాయి. మురుగు తీసినంత మాత్రాన ఎవరికీ కండ పట్టదు. జీతం, ఉద్యోగ భద్రత, ఫ్యాను, కుర్చీ అన్నీ ఆ కోవలోవే. అవి లేకపోతే మనిషి లోలోపల కుమిలిపోతాడు. ఉన్నాయంటే కుమలడం మానేస్తాడు, అంతే. పని మీద ఉత్సాహం రావడానికి మొదటి జాబితా కావాలి.

మాట బాగానే ఉంది, మరి రుజువేది? అనుకోకుండా అంత పెద్ద పరీక్ష ఒక దేశంలో జరిగింది. ఇండోనేషియా 2005లో ఉపాధ్యాయుల చట్టం తెచ్చి, సర్టిఫికేషన్ పొందిన టీచర్లకు మూల వేతనంతో సమానమైన భత్యం ఇస్తామంది. అంటే మూల వేతనం రెట్టింపు, అదీ శాశ్వతంగా. అర్హులందరికీ ఒకేసారి ఇచ్చేందుకు డబ్బు లేక ఏటా కొందరికి చొప్పున ఇస్తూ వచ్చింది. ఆ వరుసను ఆసరాగా చేసుకుని ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. 20 జిల్లాల్లో 360 బడులు తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంపికైన 120 బడుల్లో అర్హులైన టీచర్లందరికీ ముందుగానే ఆ అవకాశం కల్పించారు. మిగతా 240 బడుల టీచర్లు మామూలు వరుసలోనే ఉన్నారు. పరిశోధకుల్లో ఒకరు భారతీయుడైన కార్తీక్ మురళీధరన్.

రెండేళ్లకు ఒకసారి, మూడేళ్లకు మరోసారి చూశారు. పెరిగిన జీతం అందుకున్న టీచర్లు తమ ఆదాయం పట్ల మునుపటికన్నా తృప్తిగా ఉన్నారు. డబ్బు ఇబ్బందులు తగ్గాయన్నారు. బడి అయ్యాక చేసుకునే రెండో పని మానుకున్నవాళ్లూ ఉన్నారు. పిల్లల చదువు మాత్రం మెరుగుపడలేదు. రెండు రకాల బడుల పిల్లల మార్కుల్లో తేడా కనిపించలేదు. హెర్జ్‌బర్గ్ సిద్ధాంతం చెప్పినట్టే జరిగింది: బాధ తగ్గింది, పని మారలేదు.

దీన్ని చూసి జీతాలు పెంచడం దండగ అనేయకూడదు. ఆ ప్రయోగం తూచింది అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల పనిని మాత్రమే. మంచి జీతం చూసి రేపు చురుకైన యువతీయువకులు ఆ వృత్తిలోకి వస్తారా అన్నది వేరే ప్రశ్న. ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. హెర్జ్‌బర్గ్ ప్రశ్నలడిగింది ఇంజినీర్లను, అకౌంటెంట్లను. ఇంటద్దె కట్టాక కూతురి ఫీజుకు చేబదులు వెతుక్కునే ఆఫీస్ సబార్డినేట్‌ను అడిగి ఉంటే జీతం ఆ జాబితాలో ఎక్కడుండేదో! మురుగు మోకాటిలోతు నిలిచిన వీధిలో కండ గురించి మాట్లాడటం అన్యాయం. ముందు అది తీయాల్సిందే.

సిద్ధాంతం మీద మరో గట్టి విమర్శ ఉంది. మంచి జరిగితే నా ప్రతిభ అనుకోవడం, చెడు జరిగితే ఆఫీసు తప్పు అనడం మనిషి నైజం. కాబట్టి మనుషుల చేత కథలు చెప్పిస్తే జాబితాలు దానంతటదే రెండుగా చీలిపోతాయని విక్టర్ వ్రూమ్ వంటివారు అన్నారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. అందుకే కథలకన్నా పనిని కొలిచిన ప్రయోగాలకు ఎక్కువ విలువివ్వాలి. అలాంటిదొకటి మన నేల మీదే జరిగింది.

2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక అధ్యయనం చేశారు. 100 బడుల్లో టీచరుకు విడిగా, మరో 100 బడుల్లో బడి మొత్తానికి కలిపి బోనస్ ఇచ్చారు. ఇంకో 100 బడులను పోలిక కోసం మామూలుగా ఉంచారు. లెక్క తేలికే. పిల్లల సగటు మార్కుల్లో 5 శాతం పాయింట్లకు మించి పెరిగిన ప్రతి పాయింటుకూ 500 రూపాయలు. సగటు 10 పాయింట్లు పెరిగిందనుకుంటే టీచరుకు వచ్చేది 2,500. అప్పటి రెగ్యులర్ టీచరు నెల జీతం 8 వేలకు పైమాటే. అంటే ఏడాది జీతంలో బోనస్ వాటా 3 శాతం ప్రాంతంలో ఉండేది.

ఇండోనేషియాలో రెట్టింపు జీతం చేయలేనిది ఇక్కడ ఈ చిన్న మొత్తం చేసింది. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందుకు వెళ్లారు. లెక్కల్లో చూస్తే, వందమంది వరుసలో సరిగ్గా నడుమనున్న పిల్లవాడు దాదాపు 10 మందిని దాటినంత మేలు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా ఆ పిల్లలు మెరుగ్గా రాశారు. మరో విశేషం: టీచర్ల హాజరు పెరగలేదు. బడికి వచ్చిన రోజున ఎక్కువ పని చేశారు. హోంవర్కు ఇచ్చారు, అదనపు తరగతులు తీసుకున్నారు, ప్రాక్టీసు పరీక్షలు పెట్టారు.

అయితే డబ్బు ప్రేరకమేనా? ఇక్కడ సిద్ధాంతాన్ని కొంచెం సవరించుకోవాలి. నెల తిరిగేసరికి అందరికీ పడే జీతం ఏ ఒక్కరి పని గురించీ ఏమీ చెప్పదు. నీ పిల్లలు ఇంత నేర్చుకున్నారు కనుక ఇదిగో అని ఇచ్చిన 2,500 రూపాయలు మాత్రం సాధించిన పనికి దొరికిన గుర్తింపు. అలాగని ఉత్త గుర్తింపు చాలా అంటే, అదీ కాదు. అవే పరిశోధకులు కొన్ని బడుల్లో బోనస్ లేకుండా, పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసిన నివేదికలు మాత్రమే టీచర్లకు ఇచ్చి చూశారు. మార్కులు కదల్లేదు. ఆ నివేదికను ఏ అధికారీ అడగనప్పుడు, దాని వల్ల టీచరుకు ఒరిగేదీ పోయేదీ లేనప్పుడు అది బీరువాలో మరో కాగితం.

ఇప్పుడు మన ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకాన్ని చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్లు గడిపిన ఉద్యోగికి పై స్కేలు ఇస్తారు. కేంద్రంలో అదే 10, 20, 30 ఏళ్లకు. పదోన్నతులు లేక మగ్గిపోయేవారికి ఇది న్యాయమైన ఊరట, ఉండి తీరాలి. కానీ స్కేలు మారిన మర్నాడు ఆ ఉద్యోగి అదే కుర్చీలో కూర్చుని అదే పని చేస్తాడు. కొత్త బాధ్యత లేదు, కొత్త అధికారం లేదు. పేరులో అడ్వాన్స్‌మెంట్ ఉన్నా జరిగింది జీతం సర్దుబాటు. అది కూడా బాగా చేసినవాడికీ చేయనివాడికీ ఒకే తేదీన.

పనిని మార్చడమంటే ఏమిటో హెర్జ్‌బర్గ్ 1968లో రాసిన వ్యాసంలో ఒక ఉదాహరణ ఉంది. ఒక పెద్ద కంపెనీలో వాటాదారుల ఉత్తరాలకు జవాబులు రాసే ఉద్యోగులుండేవారు. బాగా శిక్షణ పొందినవాళ్లే, అయినా పని నాసిరకం. అక్కడ వారానికొకటి చొప్పున మార్పులు తెచ్చారు. ఒక్కో విషయానికి ఒకరిని నిపుణులుగా గుర్తించారు. జవాబుల కింద ఎవరు రాస్తే వాళ్లే సంతకం పెట్టేలా చేశారు. అనుభవజ్ఞుల ఉత్తరాలన్నీ పై అధికారి దిద్దే పద్ధతి మాని, పదింటిలో ఒకటి చూస్తే చాలన్నారు. మొదటి మూడు నెలల్లో పని కాస్త తగ్గింది. తర్వాత పుంజుకుని, ఆరో నెల చివరికి పాత పద్ధతిలో ఉన్న బృందాన్ని దాటిపోయింది. మార్పు ఫలించలేదని మొదటి త్రైమాసిక నివేదిక చూసి ఆపేసే అధికారులు ఈ సంగతి గమనించాలి.

అదే వ్యాసంలో ఒక హెచ్చరిక కూడా ఉంది. పనికి పని జోడిస్తే అది గొప్ప పనైపోదు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ల కిందట టీచర్లు బడి మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించాల్సి వచ్చింది. అది బాధ్యత పెంచడం కాదు, చాకిరీ పెంచడం. రెండింటికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. కొత్తగా అప్పగించిన దానిలో ఉద్యోగి సొంతంగా తీసుకునే నిర్ణయం ఒక్కటైనా ఉందా? లేకపోతే అది బరువు మాత్రమే.

జూనియర్ అసిస్టెంట్ దగ్గరికి మళ్లీ వస్తే, చట్టప్రకారం తహసీల్దార్ మాత్రమే ఇవ్వాల్సిన ఉత్తర్వులు కొన్నుంటాయి. వాటిని ముట్టుకోనక్కర్లేదు. కానీ అర్జీ ఏ దశలో ఉందో తెలిపే జవాబులు, ఫలానా పత్రం జతచేయలేదని చెప్పే ఉత్తరాలు ఆ అసిస్టెంటే తన పేరుతో, తన సంతకంతో పంపవచ్చు. అయిదారేళ్ల అనుభవం ఉన్నవారి నోట్లలో పదింటికి ఒకటి చూస్తే సరిపోతుంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. తప్పు జరిగితే ఎవరిదో తెలుస్తుంది, మంచి జరిగినా తెలుస్తుంది.

ఇకపై వేతన సవరణ కమిషన్లు ఫిట్‌మెంట్ శాతంతో పాటు ఒక్కో కింది స్థాయి పోస్టుకూ ఏ నిర్ణయం, ఏ సంతకం అప్పగించవచ్చో కూడా తమ నివేదికల్లో రాయాలి. ఉద్యోగ సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో డీఏ బకాయిల కింద ఈ ఒక్క వాక్యం చేర్చాలి.