నీట మునిగినవారికి ముందు కావలసింది ఊపిరి

చెరువులోంచి పిల్లవాణ్ణి ఒడ్డుకు చేర్చగానే జనం చేసే పనులు ఏ ఊళ్లో చూసినా దాదాపు ఒకటే. ఒకరు కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తారు. ఇంకొకరు పడుకోబెట్టి పొట్ట నొక్కుతారు. నోట్లోంచి కాసిన్ని నీళ్లు రాగానే "వచ్చేశాయి, వచ్చేశాయి" అంటూ అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఆ పిల్లవాడు తప్ప. ఆ వచ్చినవి చాలావరకు కడుపులోని నీళ్లు. ఊపిరితిత్తుల్లోకి పోయే నీరు సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. దాన్ని బయటికి తీయడానికి దారీ లేదు, తీయాల్సిన పనీ లేదు. పైగా పొట్ట నొక్కితే కడుపులో ఉన్నది గొంతులోకి ఎగదన్ని, అక్కణ్నుంచి ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. అన్నిటికీ మించి, ఈ హడావుడిలో పోయే నిమిషాలు తిరిగిరావు.

సీపీఆర్ నేర్చుకున్నవాళ్లు కూడా ఇక్కడే ఒక చిక్కులో పడతారు. "ఛాతీ నొక్కితే చాలు, నోట్లో ఊదక్కర్లేదు" అని విని ఉంటారు. అది అబద్ధం కాదు. 2017లో ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ మన దేశంలో మామూలు జనం కోసం ఇచ్చిన పద్ధతిలో ఛాతీ నొక్కడమే ఉంది, నోటితో ఊదడం లేదు. బజారులో నడుస్తూ నడుస్తూ కుప్పకూలిన పెద్దమనిషికి అది సరిపోతుంది. ఆయనకు ముందు ఆగింది గుండె. రక్తంలో ఆక్సిజన్ ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి, దాన్ని మెదడుకు తోసిపెడితే మొదటి కొన్ని నిమిషాలు గడుస్తాయి. మునిగినవాడి సంగతి దీనికి తలకిందులు. ముందు గాలి అందదు, రక్తంలోని ఆక్సిజన్ అయిపోతుంది, ఆ తర్వాతే గుండె ఆగుతుంది. ఆక్సిజన్ లేని రక్తాన్ని ఎంత తిప్పినా మెదడుకు దక్కేది తక్కువే. గుండె ఇంకా ఆగకముందే చేరుకోగలిగితే ఒక్కోసారి నాలుగు ఊపిర్లతోనే మనిషి తేరుకుంటాడు. అందుకే మునక విషయంలో నోటి శ్వాసను వదిలేయకూడదు. దాంతోనే మొదలుపెట్టాలి.

ఒడ్డున పదేళ్ల పిల్లవాడు కదలకుండా పడి ఉన్నాడనుకోండి. భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఛాతీ లేస్తోందా లేదా అని చూడండి, పది సెకన్లకు మించి చూడొద్దు. ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగశ్వాసలా గుటకేస్తే అది ఊపిరి కింద లెక్క కాదు. పక్కనున్నవాళ్లను 108కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్‌లో పెట్టమనండి.

ఈలోగా ఎవరో ఒకరు, సాధారణంగా తల్లే, పిల్లవాడి తలను ఒళ్లో పెట్టుకుంటారు. ఆ ప్రేమే గాలి దారిని మూసేస్తుంది. స్పృహ తప్పితే నాలుక పట్టు వదిలి గొంతు వెనక గోడ మీదికి వాలిపోతుంది. తల కింద ఎత్తు పెడితే మెడ ముందుకు వంగి ఆ దారి మరింత ఇరుకవుతుంది. దిండూ వద్దు, తుండుగుడ్డ మడతా వద్దు. పిల్లవాణ్ణి గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒక అరచేతిని నుదుటి మీద ఉంచి తలను వెనక్కి వంచండి. రెండో చేతి రెండు వేళ్లను గడ్డం కింది ఎముకకు ఆనించి పైకెత్తండి. నాలుక కింది దవడకు అతుక్కుని ఉంటుంది కాబట్టి దవడ లేస్తే నాలుకా ముందుకొచ్చి గొంతు తెరుచుకుంటుంది. వేళ్లు ఎముక మీదే ఉండాలి. గడ్డం కింది మెత్తని భాగాన్ని నొక్కితే నాలుక మళ్లీ వెనక్కే పోతుంది. ఏడాది నిండని పసిపిల్లల తలను మాత్రం అంతగా వంచకూడదు, ముఖం నేరుగా ఆకాశం వైపు ఉంటే చాలు.

తల వాల్చడం ఇంత ముఖ్యమని తేల్చినవారిలో పీటర్ సఫార్ ముఖ్యుడు. 1950ల చివర అమెరికాలోని బాల్టిమోర్‌లో, కండరాలు పూర్తిగా సడలే మందు ఇచ్చిన వలంటీర్ల మీద ఆయన ప్రయోగాలు చేశాడు. వైద్యం తెలియనివాళ్ల చేత కూడా నోటితో ఊదించి చూశాడు. తల వెనక్కి వంచితే వాళ్లు ఊదిన గాలి ఛాతీలోకి చేరింది. చేతులు ఎత్తి దించుతూ, వీపు నొక్కుతూ అప్పటిదాకా నేర్పిన పద్ధతుల్లో చాలాసార్లు తగినంత గాలి లోపలికి పోనే లేదు. మనం వదిలే గాలిలో ఏం మిగులుతుందనే సందేహం సహజమే. బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతం, మనం వదిలే గాలిలో సుమారు 16 శాతం. అది చాలు.

ఇప్పుడు నుదుటి మీదున్న చేతి వేళ్లతోనే ముక్కు మూయండి. మీ నోటితో పిల్లవాడి నోటిని గాలి పోకుండా పూర్తిగా కప్పి, ఒక సెకను పాటు మెల్లగా ఊదండి. పసిబిడ్డయితే నోరూ ముక్కూ కలిపి కప్పాలి. ఊదేటప్పుడు కంటి చివరతో ఛాతీని చూడండి. అది కొద్దిగా పైకి లేస్తే ఆపేయండి, అంతకు మించి ఊదొద్దు. బలంగా ఊదితే గాలి కడుపులోకి పోయి వాంతి అవుతుంది. వాంతి అయితే పక్కకు తిప్పి, నోరు తుడిచి, మళ్లీ మొదలుపెట్టాలి. నోటి దగ్గర నురగ వస్తుంటే మాత్రం దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు, ఆ పైనే ఊదాలి. ఛాతీ లేవలేదంటే చాలాసార్లు తప్పు తల వాల్చడంలోనో ముక్కు మూయడంలోనో ఉంటుంది. సరిచేసుకుని ఇంకోసారి ఊదండి. అప్పటికీ లేవకపోతే అక్కడే ఆగిపోకుండా ఛాతీ నొక్కడానికి వెళ్లండి. మొదట ఎన్ని ఊపిర్లు అన్నదానిపై దేశాల మధ్య తేడా ఉంది. అమెరికా వాళ్లు రెండు అంటారు, యూరప్ వాళ్లు ఐదు అంటారు. నా ఓటు మీరు నేర్చుకున్న లెక్కకే, అక్కడ నిలబడి వాదించుకోకపోతే చాలు.

ఆ తర్వాత ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ పెట్టి 30 సార్లు నొక్కాలి. పదేళ్లవాడికి ఛాతీ మందంలో మూడో వంతు, అంటే సుమారు 5 సెంటీమీటర్లు దిగాలి. పెద్దవాళ్లకు 5 నుంచి 6. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. 30 నొక్కులకు పదిహేను, పద్దెనిమిది సెకన్లు పడుతుంది. వెంటనే రెండు ఊపిర్లు, మళ్లీ 30 నొక్కులు. ఒకప్పుడు 15 నొక్కులకు రెండు ఊపిర్లు అని నేర్పేవారు. 2005లో దాన్ని 30కి మార్చారు. నొక్కడం ఆగిన ప్రతిసారీ గుండెకు, మెదడుకు వెళ్లే రక్తపు ఒత్తిడి పడిపోతుంది, అది మళ్లీ పుంజుకోవడానికి వరసగా కొన్ని నొక్కులు పడతాయి. అందుకే రెండు ఊపిర్లకూ కలిపి పది సెకన్లకు మించి ఆగకూడదు. ఆసుపత్రి సిబ్బంది ఇద్దరుంటే పిల్లలకు 15కి రెండు చొప్పున చేస్తారు. మనకు ఆ లెక్క అక్కర్లేదు, ఏ వయసుకైనా 30కి రెండే. రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి, చేతులు అలిసిన సంగతి మనకంటే ముందు లోతులోనే తెలుస్తుంది. నోటితో ఊదడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఉత్త నొక్కడమైనా ఆపొద్దు. ఏమీ చేయకపోవడం కంటే అది నయం.

పిల్లవాడు దగ్గి, ఊపిరి తీసుకోవడం మొదలుపెడితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరిని గమనిస్తూ ఉండండి. లేచి కూర్చున్నాడు, మాట్లాడుతున్నాడు అని ఇంటికి తీసుకుపోవద్దు. నీరు తగిలిన ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత కూడా ఇబ్బంది పెట్టవచ్చు. కాబట్టి 108 వచ్చాక ఎక్కించి ఆసుపత్రికి పంపండి, ఎంతసేపు మునిగాడో, ఎప్పుడు ఊపిరి వచ్చిందో అక్కడి డాక్టరుకు చెప్పండి.