ఇరవై గెలవడానికి ఎనభై ఒడ్డడం: బెట్టింగ్ ఎక్స్‌చేంజ్ లెక్క

2011 డిసెంబర్ 28న ఐర్లండ్‌లోని లెపర్డ్స్‌టౌన్ మైదానంలో క్రిస్మస్ హర్డిల్ అనే గుర్రప్పందెం జరుగుతోంది. వోలర్ లా వెడెట్ అనే గుర్రం గెలుపు దాదాపు ఖాయమైపోయింది. అలాంటి సమయంలో బెట్‌ఫెయిర్ ఎక్స్‌చేంజ్ తెర మీద ఆ గుర్రం గెలవదని పందెం కట్టే ఖాతా ఒకటి కనిపించింది. ధర 29. సొమ్ము సుమారు 2 కోట్ల 10 లక్షల పౌండ్లు. గుర్రం గెలిచింది. ఆ పందెమంతా ఎవరైనా అందుకుని ఉంటే ఆ ఖాతాదారు దాదాపు 59 కోట్ల పౌండ్లు చెల్లించాల్సి వచ్చేది. ఒక ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌తో నడుస్తున్న ఖాతా సాంకేతిక లోపం వల్ల తన పరిమితి దాటిపోయిందని కంపెనీ చెప్పింది. పరుగు మొదలయ్యాక పడిన పందేలన్నిటినీ రద్దు చేసింది.

2 కోట్ల పందెం 59 కోట్ల బాకీగా ఎలా మారింది? ఎక్స్‌చేంజ్‌లో అర్థం చేసుకోవాల్సిన మొదటి లెక్క ఇదే.

మామూలు బుకీ దగ్గర ధర చెప్పేది బుకీ, డబ్బు కట్టేది మనిషి. ఎక్స్‌చేంజ్‌లో బుకీ ఉండడు. సంక్రాంతి బరి దగ్గర చూడటానికి వచ్చినవాళ్లు తమలో తాము పైపందేలు కాసుకున్నట్టు, ఇక్కడ ఒక మనిషి మీద ఇంకో మనిషి పందెం కాస్తాడు. ఇద్దరినీ కలిపి, ఇద్దరి డబ్బూ తన దగ్గర పట్టి ఉంచి, ఫలితం తేలాక గెలిచినవాడికి ఇవ్వడమే ఎక్స్‌చేంజ్ పని. ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే కలిసి 2000లో బ్రిటన్‌లో మొదలుపెట్టిన బెట్‌ఫెయిర్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది.

గుర్రం గెలుస్తుందని కాయడాన్ని ‘బ్యాక్’ అంటారు. గెలవదని కాయడాన్ని ‘లే’ అంటారు. మన దగ్గర క్రికెట్ బుకీల నోట వినిపించే ‘లగాయి’, ‘ఖాయి’ అనే మాటలు కూడా ఈ రెండు పక్షాలవే. లే చేసేవాడు ఆ ఒక్క పందేనికి తానే బుకీ అవుతాడు. అంటే బుకీ మోసే నష్టభారం కూడా అతనిదే.

ఒక గుర్రం ధర 5.0 అనుకుందాం. ఈ అంకెలో పందెం సొమ్ము కూడా కలిసే ఉంటుంది. 20 పౌండ్లు బ్యాక్ చేసినవాడికి గుర్రం గెలిస్తే 100 పౌండ్లు చేతికొస్తాయి. అందులో 20 అతనివే కాబట్టి లాభం 80. ఆ 80 ఎవరిస్తారు? అదే పందేన్ని లే చేసిన రెండో మనిషి. గుర్రం ఓడితే అతనికి వచ్చేది 20, గెలిస్తే పోయేది 80. ఆ పోయే మొత్తాన్నే లయబిలిటీ అంటారు.

లయబిలిటీ = పందెం సొమ్ము × (ధర − 1)

ఈ 80 పౌండ్లను ఎక్స్‌చేంజ్ ముందే లే చేసినవాడి ఖాతాలో పక్కన పెట్టేస్తుంది. అంత డబ్బు లేకపోతే పందెం తీసుకోదు. కొత్తవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. లే పెట్టెలో 20 అని కొట్టి, తాము ఒడ్డింది 20 అనుకుంటారు. నిజానికి 20 అనేది గెలిస్తే వచ్చే సొమ్ము, ఒడ్డింది 80. ధర పెరిగేకొద్దీ ఈ తేడా కొండలా పెరుగుతుంది. ధర 29 అయితే 20 పౌండ్ల లేకి లయబిలిటీ 560. లెపర్డ్స్‌టౌన్‌లో 2 కోట్లు 59 కోట్లయింది ఇలాగే: 2.1 కోట్లను 28తో హెచ్చిస్తే 58.8 కోట్లు.

ఇక కమిషన్. ఎక్స్‌చేంజ్ సంపాదన ఇదే. దీన్ని గెలిచినవాడి దగ్గరే, లాభం మీదే తీసుకుంటారు. ఓడినవాడు కమిషన్ కట్టనక్కరలేదు. రేటు ఖాతాను బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం 5 శాతం అనుకుందాం. గుర్రం గెలిస్తే బ్యాక్ చేసినవాడి 80లో 4 పోయి 76 మిగులుతుంది. ఓడితే లే చేసినవాడి 20లో 1 పోయి 19 మిగులుతుంది.

అయిదు శాతమే కదా అనిపిస్తుంది. 5.0 ధర న్యాయమైనదైతే గుర్రం అయిదు పరుగుల్లో ఒకటి గెలవాలి. అదే పందెం అయిదుసార్లు కాశారని, సరిగ్గా ఒకసారి గుర్రం గెలిచిందని అనుకోండి. బ్యాక్ చేసినవాడికి ఒకసారి 76 వచ్చింది, నాలుగుసార్లు 20 చొప్పున 80 పోయింది. నష్టం 4. లే చేసినవాడికి నాలుగుసార్లు 19 చొప్పున 76 వచ్చింది, ఒకసారి 80 పోయింది. అతనికీ నష్టం 4. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఓడారు. ఆ 8 పౌండ్లూ కమిషన్‌గా వెళ్లాయి. అంటే మనిషి అంచనా సరిగ్గా ఉంటే చాలదు, మార్కెట్ ధర కంటే కమిషన్‌ను మించినంత మెరుగ్గా ఉండాలి.

అనుభవజ్ఞులు బ్యాక్, లే రెంటినీ కలిపి కూడా వాడతారు. ఒకరు 6.0 ధర దగ్గర 100 పౌండ్లు బ్యాక్ చేశారు. తర్వాత ఆ గుర్రానికి గిరాకీ పెరిగి ధర 4.0కు దిగింది. ఇప్పుడు ఎంత లే చేస్తే ఏ ఫలితం వచ్చినా ఒకే లాభం మిగులుతుంది? మొదటి సొమ్మును మొదటి ధరతో హెచ్చించి, కొత్త ధరతో భాగించాలి: 100 × 6 ÷ 4 = 150. ఈ లే లయబిలిటీ 450. గుర్రం గెలిస్తే 500 వచ్చి 450 పోతుంది. ఓడితే 150 వచ్చి 100 పోతుంది. ఎలా చూసినా 50 పౌండ్లు. కమిషన్ ఆ మార్కెట్‌లో చివరికి మిగిలిన నికర లాభం మీదే కాబట్టి 500 మీద కాకుండా 50 మీదే పడుతుంది. 2.50 పోను చేతికి 47.50.

ధర ఎదురు తిరిగి 8.0కు పోయిందనుకోండి. అదే సూత్రంతో 75 లే చేస్తే లయబిలిటీ 525. గెలిచినా ఓడినా 25 పౌండ్ల నష్టం. లాభం లేదు కాబట్టి కమిషన్ లేదు, కానీ నష్టం మాత్రం తప్పదు.

ఈ లెక్క కాగితం మీద ఉన్నంత తేలిగ్గా తెర మీద సాగదు. లే చేయాలంటే ఆ ధరకు బ్యాక్ చేసేవాడు అవతల ఉండాలి. 150కి 60 మాత్రమే కుదిరి, మిగతా 90 అలాగే ఉండిపోవచ్చు. అప్పుడు గుర్రం ఓడితే 60 వచ్చి 100 పోతుంది, అంటే 40 నష్టం. లాభం ఖాయమైందనుకున్నవాడు ఓడిపోయేది ఇక్కడే. అందుకే పందెం పెట్టానా అని కాక, ఎంత కుదిరింది, గెలిస్తే ఎంత, ఓడితే ఎంత అని రెండు వైపులా చూసుకోవాలి.

బ్రిటన్‌లో ఇది లైసెన్సుతో నడిచే వ్యాపారం. మన దేశంలో కాదు. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా ‘ఎక్స్‌చేంజ్ ఐడీ’ ఇస్తామని ఫోన్‌లో ఎవరో ఒకరు పలకరిస్తూనే ఉన్నారు. అక్కడ లయబిలిటీని పక్కన పెట్టే సంస్థ ఉండదు, గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడగడానికి దిక్కుండదు. లైసెన్సున్న చోటే, న్యాయమైన ధర దగ్గర కూడా, ఇద్దరు ఆటగాళ్లూ చెరో 4 పౌండ్లు పోగొట్టుకుని లేస్తారు. అలాంటి పలకరింపు మీ ఇంట్లో కుర్రాళ్లకు వస్తే, ఈ ఒక్క లెక్కను వాళ్ల చేతే కాగితం మీద వేయించండి.