లాభనష్ట రహిత బిందువు లెక్కలో స్థిర, చర వ్యయాల తారుమారు: ఒక పొగాకు బ్యారన్ ఉదాహరణ

బి.కాం. విద్యార్థులు వ్యయ శాస్త్రంలో రాసే లాభనష్ట రహిత బిందువు సమాధానాలలో గుణకార, భాగహార దోషాలు సులభంగానే బయటపడతాయి. స్థిర వ్యయాన్ని చర వ్యయంగా, చర వ్యయాన్ని స్థిర వ్యయంగా పొరబడిన సమాధానం మాత్రం చూపుకు సక్రమంగానే కనిపిస్తుంది. సూత్రం సరిగానే ఉంటుంది, అంకెలు నిశ్శేషంగా భాగింపబడతాయి. పైగా విద్యార్థి చివరలో రాసే సరిచూపు కూడా చక్కగా సరిపోతుంది. ఆ సరిచూపు ఎందుకు మోసగిస్తుందో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చు.

ఏలూరు జిల్లాలోని జంగారెడ్డిగూడెం పరిసరాలు వర్జీనియా పొగాకు సాగుకు ప్రసిద్ధి. పొగాకు బోర్డు వేలం కేంద్రాలు అక్కడ ఉన్నాయి. అచ్చటి రైతుకు పరిచితమైన ఖర్చులతోనే, ఊహించిన అంకెలతో, ఒక ప్రశ్నను కూర్చుకుందాం. ఒక బ్యారన్‌లో సీజనుకు 3,000 కిలోల ఆకు క్యూరింగ్ చేయాలని అంచనా. అమ్మకపు ధర కిలోకు రూ. 250. కిలోకు ఖర్చులు ఇలా ఇచ్చారు: కోత, అల్లకం కూలి రూ. 60, కట్టెలు రూ. 50, గ్రేడింగు, బేళ్ల కట్టుబడి రూ. 15, రవాణా రూ. 5, భూమి కౌలు రూ. 50, బ్యారన్ అద్దె రూ. 20, సీజనుకు కుదుర్చుకున్న కాపలా మనిషి జీతం రూ. 10. మొత్తం రూ. 210.

చిక్కంతా ‘కిలోకు’ అన్న మాటలోనే ఉంది. కౌలు, అద్దె, జీతం సీజను మొత్తానికి చెల్లించేవి. వాటిని 3,000తో భాగించి పట్టికలో పెట్టారు. కాబట్టి మొదట వాటిని తిరిగి మొత్తాలుగా మార్చాలి: 80 × 3,000 = రూ. 2,40,000. ఇది స్థిర వ్యయం. మిగిలిన రూ. 130 చర వ్యయం. కిలోకు అంశదానం 250 − 130 = రూ. 120. లాభనష్ట రహిత బిందువు 2,40,000 ÷ 120 = 2,000 కిలోలు.

ఒక విద్యార్థి బ్యారన్ అద్దెను చర వ్యయాలలో కలిపాడనుకుందాం. అతని చర వ్యయం రూ. 150, అంశదానం రూ. 100, స్థిర వ్యయం రూ. 1,80,000, సమాధానం 1,800 కిలోలు. ఇప్పుడతడు 3,000 కిలోల వద్ద లాభం సరిచూస్తాడు: 3,00,000 − 1,80,000 = రూ. 1,20,000. సరైన లెక్కలోనూ 3,60,000 − 2,40,000 = రూ. 1,20,000 వస్తుంది. రెండూ ఏకీభవించడంలో వింత లేదు. పట్టికలోని ఖర్చులన్నీ 3,000 కిలోలకు కట్టినవే గనుక, వాటిని ఎట్లా విభజించినా ఆ పరిమాణం వద్ద మొత్తం మారదు. అంచనా పరిమాణం వద్ద చేసే సరిచూపు ఈ దోషాన్ని ఎన్నటికీ పట్టలేదు.

పట్టగలిగేది సమాధానంగా వచ్చిన పరిమాణం వద్ద చేసే సరిచూపే. అదీ సూత్రంతో కాదు, రైతు జేబు నుంచి నిజంగా పోయే సొమ్ముతో. 1,800 కిలోలకు రాబడి రూ. 4,50,000. కూలి, కట్టెలు, కట్టుబడి, రవాణా కలిపి 1,800 × 130 = రూ. 2,34,000. కౌలు, అద్దె, జీతం పూర్తిగా రూ. 2,40,000. మొత్తం ఖర్చు రూ. 4,74,000. లాభమూ నష్టమూ లేని చోట రూ. 24,000 నష్టం తేలింది. ఈ అంకె దోషం ఎక్కడుందో కూడా చెబుతుంది: క్యూరింగ్ కాని 1,200 కిలోలపై కిలోకు రూ. 20 చొప్పున అద్దె లెక్కకు రాలేదు. 1,200 × 20 = 24,000. తేడాను పరిమాణాల తేడాతో భాగిస్తే వచ్చిన రూ. 20 పట్టికలో ఏ పద్దుకు సరిపోతుందో చూస్తే చాలు.

తారుమారు ఎదురుదిశలో జరిగితే ఫలితమూ ఎదురుగా ఉంటుంది. కట్టెల ఖర్చును స్థిరమనుకుంటే స్థిర వ్యయం రూ. 3,90,000, అంశదానం రూ. 170, సమాధానం సుమారు 2,294 కిలోలు. అక్కడ నిజానికి సుమారు 35 వేల రూపాయల లాభం ఉంటుంది. అంటే సరిచూపులో నష్టం తేలితే స్థిర వ్యయాన్ని చరమని, లాభం తేలితే చర వ్యయాన్ని స్థిరమని పొరబడినట్లు. రెంటిలో మొదటిదే హానికరం. సరైన లెక్కలో భద్రతా ఉపాంతం 1,000 కిలోలు కాగా తప్పు లెక్కలో అది 1,200 కిలోలవుతుంది. లేని ధైర్యం రైతుకు కలుగుతుంది. అయితే అంచనా పరిమాణం వద్దే నష్టం వచ్చే ప్రశ్నలలో ఈ గుర్తులు తలకిందులవుతాయి. అప్పుడు లాభనష్ట రహిత బిందువు అంచనాకు కుడివైపున ఉంటుంది.

స్థిర వ్యయాలన్నిటినీ కిలో చొప్పునే ఉంచిన సమాధానాలూ కనిపిస్తాయి. అప్పుడు ఏ పరిమాణం వద్దనైనా కిలోకు రూ. 40 లాభమే. భాగించడానికి స్థిర వ్యయమే మిగలదు. ఇది ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

కట్టెల విషయంలో మాత్రం విద్యార్థిని తొందరపడి తప్పుపట్టరాదు. బ్యారన్ సగమే నిండినా ఆకు పండి, ఆరి, ఈనె ఎండేవరకు కొన్ని రోజులపాటు మంట ఆగరాదు. కనుక వాస్తవంలో కట్టెలు కిలోల కంటె బ్యారన్‌ను ఎన్నిసార్లు నింపారన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడతాయి, మెట్లుమెట్లుగా పెరుగుతాయి. ప్రశ్నలో ‘ఒక్కొక్క లోడుకు ఇంత’ అని ఉంటే కిలోల లెక్క చెల్లదు. లోడుల సంఖ్యను బట్టి కట్టెల మొత్తాన్ని ముందు కట్టి, ఆ మెట్టులోనే బిందువు పడుతున్నదో లేదో చూడాలి.