అప్పుకు మినహాయింపు, వాటాకు పన్ను

ఒక స్పిన్నింగ్ మిల్లు పెట్టడానికి 10 కోట్ల రూపాయలు కావాలనుకుందాం. మొత్తం వాటాదారులే పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఖర్చులన్నీ పోను 2 కోట్లు మిగిలింది. తక్కువ రేటును ఎంచుకున్న దేశీయ కంపెనీకి సర్‌ఛార్జి, సెస్ కలిపి పన్ను సుమారు 25.17 శాతం. అంటే 50 లక్షలకు పైగా పన్ను కట్టాక వాటాదారులకు దాదాపు కోటీ యాభై లక్షలు మిగులుతాయి. పెట్టుబడి మీద 15 శాతం రాబడి.

ఇప్పుడు అదే మిల్లులో 5 కోట్లు వాటాధనం, 5 కోట్లు 10 శాతం వడ్డీకి తెచ్చిన బ్యాంకు అప్పు అనుకోండి. 50 లక్షల వడ్డీని ఖర్చుగా తీసేస్తారు కాబట్టి పన్ను కోటిన్నర మీదే పడుతుంది. పన్ను 37.75 లక్షలు పోగా మిగిలేది 1.12 కోట్లు. ఇది 5 కోట్ల వాటాధనం మీద 22 శాతం దాటిన రాబడి. ఈ పెరుగుదల అంతా పన్ను పుణ్యమే కాదు. వడ్డీని ఖర్చుగా ఒప్పుకోకపోయినా రాబడి 20 శాతం దాకా వచ్చేది. ఎందుకంటే 10 శాతానికి తెచ్చిన డబ్బు 20 శాతం సంపాదిస్తోంది. దాని మీద ఇంకో రెండున్నర శాతం కలిపింది మాత్రం పన్ను చట్టమే. మిల్లు అదే, నూలు అదే, లాభం అదే, ఖజానాకు మాత్రం పన్నెండున్నర లక్షలు తగ్గింది.

చట్టం ఇలా ఎందుకు ఉంది? వ్యాపారం కోసం తెచ్చిన అప్పుపై వడ్డీని ఖర్చుగా తీసేయవచ్చని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 36వ సెక్షన్ చెప్పింది. 2025లో కొత్త చట్టం చేసినా ఈ సూత్రం మారలేదు. దీని వెనక తర్కం ఇది: వడ్డీ లాభం వచ్చినా రాకపోయినా కట్టి తీరాల్సింది, కూలీ, కరెంటు బిల్లు లాంటిదే. డివిడెండ్ లాభం తేలాక, పన్ను కట్టాక, యజమానులు తమలో తాము పంచుకునే సొమ్ము. ఖర్చు లాభానికి ముందు వస్తుంది, పంపకం తర్వాత వస్తుంది. లెక్కల పుస్తకం ప్రకారం ఇది సబబే. కానీ వాటాదారు డబ్బు కూడా ఊరికే రాదు. అతను ఆశించే రాబడి కూడా మిల్లుకు పెట్టుబడి ఖర్చే. ఆ ఖర్చును చట్టం గుర్తించదు.

ఇద్దరూ ఒకే మనిషి అయినప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 30 శాతం శ్లాబులో ఉన్న ఒక ప్రమోటరు తన ప్రైవేటు కంపెనీ నుంచి 10 లక్షలు బయటకు తీసుకోవాలి. డివిడెండ్‌గా తీసుకుంటే ముందు కంపెనీ పన్ను కట్టాలి, మిగిలిన 7.48 లక్షలపై అతను మళ్లీ కట్టాలి. చేతికి వచ్చేది 5.15 లక్షలు. కంపెనీకి తను ఇచ్చిన అన్‌సెక్యూర్డ్ లోన్‌పై వడ్డీగా తీసుకుంటే పన్ను ఒక్కసారే, చేతికి 6.88 లక్షలు. అందుకే చాలా చిన్న కంపెనీల బ్యాలెన్స్ షీట్లలో వాటాధనం కొద్దిగా, డైరెక్టర్ల అప్పు భారీగా ఉంటుంది. వడ్డీ రేటు మార్కెట్ కంటే మరీ ఎక్కువుంటే, ఆ ఎక్కువ భాగాన్ని అధికారి ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు.

విదేశీ మాతృసంస్థలు ఇదే పని పెద్ద ఎత్తున చేస్తాయి. భారత్‌లోని తమ కంపెనీకి వాటాగా ఇవ్వాల్సిన సొమ్మును అప్పుగా ఇచ్చి, లాభాన్ని వడ్డీ రూపంలో వెనక్కి తీసుకుంటాయి. దీన్ని అడ్డుకోవడానికి 2017లో 94బి సెక్షన్ తెచ్చారు. విదేశీ అనుబంధ సంస్థలకు కట్టే వడ్డీ ఏడాదికి కోటి రూపాయలు దాటితే, పన్ను, వడ్డీ, తరుగుదల తీయకముందు లాభంలో 30 శాతం వరకే ఖర్చుగా ఒప్పుకుంటారు. మిగిలినదాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు. మన బ్యాంకులో సొంత బలం మీద తెచ్చిన అప్పుకు ఈ పరిమితి వర్తించదు. కాబట్టి మన మిల్లుకు అప్పు మీది మొగ్గు అలాగే ఉంటుంది.

ఆ మొగ్గుకు మూల్యం చెడ్డ ఏడాదిలో తెలుస్తుంది. పత్తి ధర పెరిగి మిల్లు లాభం 40 లక్షలకు పడిపోయిందనుకోండి. అప్పులేని మిల్లు 10 లక్షలు పన్ను కట్టి, డివిడెండ్ ఆపేసి నిలదొక్కుకుంటుంది. అప్పున్న మిల్లుకు వడ్డీ కట్టాక 10 లక్షల నష్టం. లాభమే లేనప్పుడు తగ్గించుకోవడానికి పన్నూ ఉండదు. ఆ నష్టాన్ని తర్వాతి ఏళ్ల లాభంలో సర్దుకోవచ్చు గానీ ఈ ఏడాది చేతికి ఏమీ రాదు. పైగా బ్యాంకు వడ్డీని కాగితం మీద లెక్క రాసుకుంటే చాలదు, నిజంగా కడితేనే ఖర్చుగా ఒప్పుకుంటారు. కట్టలేని వడ్డీని బ్యాంకు కొత్త అప్పుగా మార్చినా అది కట్టినట్టు కాదు. 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా మొండి బాకీల్లోకి వెళుతుంది. అప్పు ఎంత తేవాలో నిర్ణయించుకునే యజమాని, మంచి ఏడాదిలో మిగిలే పన్నెండున్నర లక్షలతో పాటు, అమ్మకాలు పడిపోయిన ఏడాదిలోనూ కట్టి తీరాల్సిన 50 లక్షల వడ్డీని కూడా లెక్కలో పెట్టుకోవాలి.