ఆరింటికి మూతపడే ఇన్‌బాక్స్

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఎవరైనా రాజీనామా చేస్తే ‘పేపర్ పెట్టేశాడు’ అంటారు. పేపర్ పెట్టాక చాలాచోట్ల 60 నుంచి 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉంటుంది. అన్ని రోజులున్నా అందరికీ వీడ్కోలు చెప్పే మెయిల్ మాత్రం ఆఖరి రోజు ఆఖరి గంటలోనే రాస్తుంటారు. ఉదయమంతా ‘కేటీ’ అనే పని అప్పగింతతో గడిచిపోతుంది. మధ్యాహ్నం టీమ్ బిర్యానీకి తీసుకెళ్తుంది. తర్వాత ‘నో డ్యూస్’ సంతకాలు తెచ్చుకోవాలి. ఇవన్నీ తెమిలి కూర్చునేసరికి నాలుగున్నర. ఇక పాత వీడ్కోలు మెయిల్ ఒకటి వెతికి, పేర్లు మార్చి పంపేస్తారు. ‘చాలా నేర్చుకున్నాను, మీరంతా నాకు కుటుంబం’ అనే ఆ వాక్యాలు ఎన్ని ఇన్‌బాక్సులు తిరిగొచ్చాయో లెక్కలేదు.

మామూలు ఉద్యోగి అలా పంపితే ఎవరికీ నష్టం లేదు. టీమ్ లీడ్ పంపితే ఉంది. ఎవరు ఏం చేశారో పూర్తిగా తెలిసిన మనిషి అతనొక్కడే. కొత్తగా వచ్చే లీడ్‌కు, పై మేనేజర్‌కు కనిపించేవి టికెట్లు, రిపోర్టులు, రేటింగులు. వాటిలోకి ఎక్కని పని లీడ్ వెళ్లిపోయిన రోజుతో మరుగున పడిపోతుంది. దాన్ని పేరుతో సహా కాగితం మీద పెట్టడానికి అతనికి మిగిలిన చివరి అవకాశం ఆ మెయిలే.

ఉదాహరణకు గచ్చిబౌలిలో ఒక లీడ్ ఉన్నాడనుకోండి. ఆరేళ్ల ఉద్యోగం, తొమ్మిది మంది టీమ్, ఒక బ్యాంకు చెల్లింపుల సాఫ్ట్‌వేర్ చూసే పని. ఒక నెలాఖరు రాత్రి లావాదేవీల లెక్క సరిచూసే జాబ్ ఆగిపోయింది. ఫైల్ చివరి వరుసలో ‘మొత్తం ఇన్ని రికార్డులు’ అని రాసి ఉంటుంది. ప్రోగ్రామ్ తాను లెక్కపెట్టిన సంఖ్యను దాంతో పోల్చుకుంటుంది. ఆ రాత్రి ఒకటి ఎక్కువ వచ్చింది. సీనియర్లు డేటాబేస్‌ను జల్లెడ పడుతుంటే, చేరి నాలుగు నెలలైన ఫ్రెషర్ అమ్మాయి ఫైల్‌ను మామూలు ఎడిటర్‌లో తెరిచి కింది దాకా జరిపింది. అట్టడుగున ఒక ఖాళీ లైను. దాన్ని కూడా ప్రోగ్రామ్ ఒక రికార్డుగా లెక్కేసింది. అది తీసేసి మళ్లీ నడిపితే తెల్లారేలోగా పని పూర్తయింది. అయితే ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ లీడ్‌ది కాబట్టి టికెట్ అతని పేరు మీదే మూసుకుంది. రికార్డుల ప్రకారం ఆ ఖాళీ లైను కనిపెట్టింది లీడే!

అతను మొదట రాసిన మెయిల్‌లో ఆ అమ్మాయి వంతుకు వచ్చింది ‘కష్టపడే మనస్తత్వం’ అనే రెండు మాటలు. తిరగరాసినప్పుడు ఏ నెలాఖరు, ఏం ఆగింది, ఆమె ఏం చేసింది, టికెట్ తన పేరు మీద ఎందుకుంది అన్నవి రెండు వాక్యాల్లో చెప్పాడు. బ్యాంకు పేరు రాయలేదు, సొమ్ము వివరాలు రాయలేదు. క్లయింట్ సంగతులు వీడ్కోలు మెయిల్‌లో ఉండకూడదు. చదివిన మేనేజర్‌కు ఆ అమ్మాయికి ఏ పని అప్పగించవచ్చో అర్థమవుతుంది. ‘కష్టపడే మనస్తత్వం’ చదివితే ఏమీ తెలియదు.

ఇలా రాయడంలో చిక్కు కూడా ఉంది. ముగ్గురి గురించి వివరంగా రాసి ఆరుగురిని ‘మిగతా అందరూ’ అంటే ఆ ఆరుగురూ మెయిల్‌ను ముందు తమ పేరు కోసమే వెతుకుతారు. అందుకే తెలిసిన లీడ్‌లు రెండు మెయిల్స్ పంపుతారు. ఒకటి సొంత టీమ్‌కు, మేనేజర్‌ను కాపీలో పెట్టి, తొమ్మిది మందికీ తలా రెండు వాక్యాలతో. రెండోది బయటి టీమ్‌లకు, నాలుగు వరుసల్లో ముగిసేది. మూడువందల మందికి ఆ ఖాళీ లైను కథ అక్కర్లేదు.

ఆ రెండో మెయిల్‌లో చిరునామాలన్నీ బీసీసీలో ఉండాలి. కారణం తెలియాలంటే 1997 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌లో జరిగింది చూడాలి. ‘బెడ్లమ్ డీఎల్3’ అనే మెయిల్ జాబితాలో సుమారు 13,000 మంది ఉద్యోగులున్నారు. తనను అందులోంచి తీసేయమని ఒకరు జాబితా మొత్తానికీ రాశారు. ‘నన్నూ తీసేయండి’ అని మరికొందరు, ‘దయచేసి అందరికీ జవాబివ్వకండి’ అని, అందరికీ జవాబిస్తూనే, ఇంకొందరు. సుమారు గంటలో కోటీ 50 లక్షల మెయిల్స్ తయారై సర్వర్లు కుదేలయ్యాయి. వీడ్కోలు మెయిల్‌కు వచ్చే ‘ఆల్ ద బెస్ట్’లు కూడా అందరికీ వెళ్తే జరిగేది అదే, కాస్త చిన్న స్థాయిలో. బీసీసీలో పెడితే జవాబు పంపినవాడికొక్కడికే వస్తుంది. అన్నట్టు, సహోద్యోగుల చిరునామాల జాబితాను సొంత జీమెయిల్‌కు పంపుకోవడం మాత్రం పొరపాటు. కంపెనీ సమాచారం బయటికి పోతోందని భద్రతా విభాగం ఆఖరి రోజున పిలిచి అడగవచ్చు. సొంత నంబర్‌ను మెయిల్ కింద రాస్తే చాలు. కావలసినవాళ్లే పలకరిస్తారు.

ఇష్టపడి వెళ్లేవాళ్ల సంగతి ఇది. పంపించేస్తే? అమెరికాలో గ్రూపాన్ సంస్థను స్థాపించి నడిపిన ఆండ్రూ మేసన్‌ను 2013 ఫిబ్రవరి 28న పదవి నుంచి తప్పించారు. ఆయన ఉద్యోగులకు రాసిన ఉత్తరంలో, కుటుంబంతో ఎక్కువ సమయం గడపాలని నిర్ణయించుకున్నానని మొదలుపెట్టి, మరుక్షణమే అది సరదాకని, నిజానికి తనను ఈ రోజే తీసేశారని రాశారు. ఎలాగూ బయటికి పొక్కుతుందని ఉత్తరాన్ని తనే బహిరంగంగా పెట్టారు. పడిపోయిన షేరు ధరను దాచలేదు, సీఈఓగా బాధ్యత తనదేనన్నారు, ఎవరినీ తిట్టలేదు. యజమాని స్థాయి మనిషికి ఆ హాస్యం చెల్లింది. రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాని టీమ్ లీడ్ ‘నన్ను తీసేశారు’ అని మూడువందల మందికి రాయడం తెలివైన పని కాదు. ‘ఈ రోజు నా ఆఖరి రోజు’ అంటే చాలు. అది అబద్ధమూ కాదు.

మన లీడ్ మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్లింది. టీమ్‌లో ఒకరిది పుణె, ఇంకొకరిది కోయంబత్తూరు. తెలుగులో రాయాలన్నా ‘ధన్యవాదాలు’ అనగానే సన్మానసభ మైకు గుర్తొస్తుంది. మన ఆఫీసుల్లో కృతజ్ఞత ఎక్కువగా ‘థ్యాంక్స్ అన్నా’లోనే ఇమిడిపోతుంది. పైగా అంతస్తులో టీ తెచ్చే పెద్దాయనకు, రాత్రి షిఫ్టులకు క్యాబ్‌లు కుదిర్చే మనిషికి కంపెనీ మెయిలే లేదు. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు ఏ మెయిల్ జాబితాలోనూ ఉండరు. వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లాల్సిందే. అతను మూడింటికే వెళ్లి ‘వెళ్లొస్తా బాబాయ్’ అన్నాడు. మళ్లీ రానని ఇద్దరికీ తెలిసినా ‘వెళ్తున్నా’ అనడానికి తెలుగు నోరు ఒప్పుకోదు.

ఇంత చూసుకున్నా ఒక్కచోట తప్పాడు. మెయిల్ పంపింది సాయంత్రం 5.40కి. చాలా కంపెనీల్లో ఆఖరి రోజు సాయంత్రమే అకౌంట్ మూసేస్తారు. అతనిది ఆరింటికి మూతపడింది. మధ్యాహ్నం భోజనానికి ముందే పంపి ఉంటే జవాబులు చదువుకునేవాడు, కొందరితో టీ తాగేవాడు. ఆరు దాటాక వచ్చినవేవీ అతనికి చేరలేదు.

ఏడున్నరకు మెట్రోలో ఉండగా వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. “అన్నా, మెయిల్‌కి రిప్లై ఇస్తే తిరిగొచ్చేసింది. ఆ ఖాళీ లైను సంగతి మీకింకా గుర్తుందా?”