మనుషులు తగ్గినా బిల్లు ఎందుకు తగ్గదు?

హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి కంపెనీ ఉందనుకుందాం. అమ్మకాల విభాగంలో 120 మంది ఒక సాఫ్ట్‌వేర్ వాడేవారు. ఒక్కో లైసెన్సు జాబితా ధర నెలకు 2,000 రూపాయలు, బేరమాడి 1,500కి తెచ్చుకున్నారు. ఏడాదికి 21,60,000. ఇప్పుడు రెండు బ్రాంచీలు మూసేశాక 70 మందే మిగిలారు. కొత్త బిల్లు 12,60,000 వస్తుందని అకౌంట్స్ విభాగం లెక్కేసుకుంది. వచ్చిన కొటేషన్ మాత్రం 16,80,000. వాడేవాళ్లు 42 శాతం తగ్గితే ఖర్చు 22 శాతమే తగ్గింది. జీఎస్‌టీని పక్కన పెడితేనే ఇది.

పొరపాటేమీ జరగలేదు. 500 రూపాయల తగ్గింపు 120 మంది ఉన్నందుకు ఇచ్చింది. సంఖ్య తగ్గగానే అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకుని జాబితా ధర వేశాడు. సేల్స్‌ఫోర్స్ వంటి పెద్ద సంస్థల ప్రామాణిక ఒప్పందంలోనే ఈ షరతు ఉంటుంది: రెన్యువల్‌లో సంఖ్య గానీ కాలపరిమితి గానీ తగ్గితే పాత యూనిట్ ధరతో సంబంధం లేకుండా కొత్త ధర నిర్ణయిస్తారు. కాబట్టి ఇక్కడ బేరం మొత్తం బిల్లు మీద కాదు, ఒక్కో లైసెన్సు ధర మీద.

అంతకంటే ముందు తేదీ చూసుకోవాలి. ఉద్యోగి మానేసిన రోజే ఐటీ వాళ్లు అతని ఖాతా ఆపేస్తారు, దాంతో ఆ లైసెన్సుకు డబ్బు కట్టడం ఆగిందని చాలామంది అనుకుంటారు. ఆగదు. ఒప్పందంలో 120 అని రాసి ఉన్నంతకాలం 120కీ కట్టాల్సిందే. చాలా ఒప్పందాలు వాటంతటవే రెన్యువల్ అవుతాయి. వద్దనుకున్నా, సంఖ్య తగ్గించాలన్నా గడువుకు 30, 60 లేదా 90 రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాలి. భాగస్వామి సంస్థల ద్వారా కొనే మైక్రోసాఫ్ట్ 365 వార్షిక లైసెన్సులనైతే రెన్యువల్ అయిన 7 రోజుల్లోపే తగ్గించుకోగలం. ఎనిమిదో రోజు అడిగితే ఏడాది ఆగాలి. అందుకే గడువుకు నాలుగు నెలల ముందే పని మొదలుపెట్టడం మంచిది.

మొదటి పని, ఎవరు చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో జాబితా తీయడం. 90 రోజులుగా తెరవని ఖాతాలు విడిగా కనిపిస్తాయి. వాటిని గుడ్డిగా కొట్టేయకూడదు. ఏడాదికోసారి ఆడిట్ సమయంలో వాడేవారు, ఇతర సాఫ్ట్‌వేర్లను కలపడానికి పెట్టిన ఖాతాలు అందులో ఉండొచ్చు. సంఖ్య తగ్గించడానికి ఇద్దరు ఒకే లాగిన్ పంచుకుంటే అది సాధారణంగా ఒప్పంద ఉల్లంఘన. ఆడిట్‌లో బయటపడితే బకాయి లెక్కగట్టి అడుగుతారు.

జాబితా చేతిలో ఉన్నాక అకౌంట్ మేనేజర్‌కు రాసే మాట సూటిగా ఉండాలి: "మాకు ఇకపై 70 లైసెన్సులు చాలు. పాత యూనిట్ ధర 1,500 కొనసాగిస్తే ఫలానా తేదీలోపు సంతకం చేస్తాం." డిస్కౌంట్ ఇవ్వండని మాత్రమే అడిగితే ఆయన చేతిలో ఉన్న ఐదు శాతం ఇచ్చి ఊరుకుంటాడు. పెద్ద తగ్గింపుకు పై అధికారుల ఆమోదం కావాలి. ఆ ఫైలులో పెట్టడానికి ఆయనకు ఒక కారణం, ఒక తేదీ కావాలి. వాళ్ల ఆర్థిక సంవత్సరం చివర ఆమోదం కొంత తేలిగ్గా దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్‌కు అది జూన్, ఒరాకిల్‌కు మే, సేల్స్‌ఫోర్స్‌కు జనవరి. మరో సంస్థ కొటేషన్ చూపిస్తే బలం పెరుగుతుంది. అయితే నిజంగా మారగలిగితేనే చూపాలి. డేటా తరలించడానికి ఆరు నెలలు పడుతుందని అమ్మకందారుకు తెలిస్తే ఆ కాగితానికి విలువ లేదు.

మన కంపెనీకి చివరికి రెండు దారులు చూపారనుకుందాం: ఏడాదికైతే 1,600, రెండేళ్లకైతే 1,500. రెండోది ఏడాదికి 84,000 ఆదా. కానీ రెండేళ్లూ 70 లైసెన్సులకు కట్టాలి. వచ్చే ఏడాదికి సిబ్బంది 55కు తగ్గితే, 1,600 ధర నిలిచినా ఆ సంవత్సరం 10,56,000తో పోయేది 12,60,000 అవుతుంది. మొదటి ఏడాది ఆదా తీసేసినా నికర నష్టం 1,20,000. సిబ్బంది ఇంకా తగ్గే సూచన ఉన్న కంపెనీ తక్కువ ధర చూసి రెండేళ్లకు కట్టుబడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఏడాది దారి ఎంచుకుంటే ఒక వాక్యం రాయించుకోవడం తప్పనిసరి. ఈ తగ్గింపు "ఈసారికి మాత్రమే" అని కొటేషన్‌లో ఉంటే వచ్చే రెన్యువల్ మళ్లీ 2,000 నుంచి మొదలవుతుంది. దాని బదులు, వచ్చే ఏడాది పెంపు 1,600 మీద 5 శాతం మించకూడదనీ, సంఖ్య తగ్గినా ఈ పరిమితి వర్తిస్తుందనీ, మధ్యలో కొత్తవాళ్లను చేర్చుకుంటే అదే 1,600 అనీ ఉండాలి. ఫోన్‌లో ఇచ్చిన హామీ చెల్లదు. ఆ అకౌంట్ మేనేజర్ వచ్చే ఏడాదికి అక్కడ ఉంటాడో లేడో కూడా తెలియదు. ఆర్డర్ ఫారంలో 70 అన్న సంఖ్య, 1,600 ధర, 5 శాతం పరిమితి మూడూ కనిపించాకే సంతకం. తర్వాత అడ్మిన్ పేజీలో లైసెన్సుల సంఖ్య 70కి మారిందా, మొదటి ఇన్‌వాయిస్ 13,44,000కే వచ్చిందా అన్నది సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.