చెరిపి రాసినా పోని సందిగ్ధత

విజయవాడ లెనిన్ సెంటర్‌లో ఎవరినైనా ఆపి ‘పాత పుస్తకాల కొట్టు ఎక్కడండీ?’ అని అడిగితే, ఒకరు చదివి అమ్మేసిన పుస్తకాలు దొరికే కొట్టు చూపిస్తారు. అదే మాట పుస్తకాల వ్యాపారం చేసే ఇద్దరు అన్నదమ్ముల మధ్య వస్తే, కిందటేడు అద్దె పెరిగి ఖాళీ చేసిన కొట్టు గురించి కావచ్చు. మొదటి చోట ‘పాత’ పుస్తకాలతో జత కట్టింది, రెండో చోట కొట్టుతో. పదాలు అవే, వరస అదే. ముందు ఏ రెండూ కలిశాయన్న దాంట్లోనే తేడా.

ఇలా ఒకే వాక్యం లోపల రెండు రకాల కూర్పు కుదిరితే దాన్ని సందిగ్ధత అంటాం. మనుషులు సందర్భం చూసి సర్దుకుంటారు. కంప్యూటరుకి రాసే భాషల్లో ఆ వెసులుబాటు లేదు. ఆ భాషల వ్యాకరణాన్ని కొన్ని నియమాలుగా రాస్తారు. ప్రతి నియమం ఒక గుర్తు స్థానంలో ఏమేం పెట్టవచ్చో చెబుతుంది. చుట్టుపక్కల ఏమున్నాయో పట్టించుకోదు కాబట్టి దానికి కాంటెక్స్ట్-ఫ్రీ వ్యాకరణం అని పేరు. ఉదాహరణకి తీసివేతల లెక్కలకి ఇలా రాశామనుకుందాం. ఇక్కడ E అంటే లెక్క, N అంటే ఏదైనా ఒక సంఖ్య.

```
E → E - E
E → N
```

ఇప్పుడు `10 - 4 - 3` తీసుకోండి. మొదటి నియమంలో ఎడమవైపు E నుంచి `10 - 4` పుట్టించవచ్చు, లేదా కుడివైపు E నుంచి `4 - 3` పుట్టించవచ్చు. ఒక లెక్కకి జవాబు 3, రెండో లెక్కకి 9. ఒక వాక్యం ఎలా పుట్టిందో కాగితం మీద కొమ్మలుగా గీస్తే దాన్ని చెట్టు అంటాం. ఇక్కడ ఒకే వాక్యానికి రెండు చెట్లు వచ్చాయి.

దీనికి మందు తేలిక. మొదటి నియమాన్ని `E → E - N` అని మారిస్తే చాలు. గుర్తుకి కుడివైపు ఒక్క సంఖ్యే ఉండాలి కాబట్టి లెక్క ఎడమ నుంచే పేరుకుంటుంది. ముందు ఏ లెక్కలు రాయగలిగామో ఇప్పుడూ అవే రాయగలం, ఒక్కటీ తగ్గలేదు. కానీ ప్రతి లెక్కకీ చెట్టు ఒక్కటే. అంటే దోషం భాషలో లేదు, మనం రాసిన వ్యాకరణంలో ఉంది. 1960లో వచ్చిన ఆల్గాల్ భాషలో `if` లోపల ఇంకో `if` వచ్చినప్పుడు చివరి `else` ఎవరిదన్న ప్రసిద్ధమైన చిక్కు కూడా ఈ కోవదే. `else` ఉన్న వాక్యాలనీ లేనివాటినీ రెండు తెగలుగా విడదీసి నియమాలు రాస్తే ఆ చిక్కు విడిపోతుంది.

ఇలాంటివి రెండు మూడు బాగుచేశాక ఎవరికైనా ఒక నమ్మకం కుదురుతుంది: ఓపిగ్గా కూర్చుంటే ఏ సందిగ్ధతనైనా తీసేయవచ్చని. అది తప్పని తేల్చే భాష మూడే అక్షరాలతో తయారవుతుంది.

నియమం ఇది. ముందు కొన్ని a లు, తర్వాత కొన్ని b లు, చివర కొన్ని c లు రావాలి. a లు b లు సమానంగా ఉండాలి, లేదా b లు c లు సమానంగా ఉండాలి. రెంటిలో ఏదో ఒకటి చాలు. `aabbc` చెల్లుతుంది, `abbcc` కూడా చెల్లుతుంది. `abbc` చెల్లదు. ఎవరికైనా ముందు తట్టే వ్యాకరణం ఇలా ఉంటుంది. ఖాళీకి గుర్తు ε.

```
S → P C       S → A Q
P → a P b     Q → b Q c
P → ε         Q → ε
C → c C       A → a A
C → ε         A → ε
```

ఎడమ వరస a లనీ b లనీ జంటలుగా పుట్టిస్తుంది, c లని విడిగా వదిలేస్తుంది. కుడి వరస b లనీ c లనీ జంట కడుతుంది, a లని వదిలేస్తుంది. `aabbc` ఎడమ దారిలోనే వస్తుంది, `abbcc` కుడి దారిలోనే. మరి `aabbcc`? అది రెండు దారుల్లోనూ వస్తుంది. ఒక చెట్టులో b లు a లకి జోడీలు, రెండో చెట్టులో c లకి.

క్లాసులో ఇది బోర్డు మీద రాసినప్పుడల్లా ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. “సార్, కుడి దారిలోంచి మూడూ సమానమైనవి తీసేస్తే సరిపోతుంది కదా? అవి ఎడమ దారిలో ఎలాగూ వస్తాయి.” చాలా మంచి ఆలోచన అది, తీసివేతల లెక్కని బాగుచేసిన బుర్రే ఇక్కడా పనిచేస్తోంది. చిక్కల్లా ఆ తీసేయడంలోనే ఉంది. అప్పుడు కుడి దారి b లని c లతో సమానంగా ఉంచాలి, అదే సమయంలో a లు వాటితో సమానం కాకుండానూ చూసుకోవాలి. `b Q c` లాంటి నియమం రెండు గుంపులని మాత్రమే జంట కట్టగలదు. మూడో గుంపుతో పోల్చేసరికి b ల లెక్క దాని చేతిలో ఉండదు. b లు c లు సమానమై, a లు మాత్రం వేరుగా ఉండే మాటలని మాత్రమే పుట్టించే కాంటెక్స్ట్-ఫ్రీ వ్యాకరణం అసలు లేదని నిరూపణే ఉంది.

అయినా ఇది ఒక దారి మూసుకుపోయిందని చెప్పడమే. మనకి తట్టని ఇంకేదో వ్యాకరణం ఉండకూడదా? అదీ లేదని చూపించాలంటే ఇంకా పుట్టని వ్యాకరణాలన్నిటి గురించీ ఒకేసారి మాట్లాడాలి. అందుకు పనికొచ్చే పనిముట్టుని విలియం ఆగ్డెన్ 1968లో ఇచ్చాడు. దాని సారం ఇది. వ్యాకరణంలో గుర్తులు కొన్నే ఉంటాయి. మాట పొడుగైతే చెట్టులో ఏదో ఒక గుర్తు తన కిందే మళ్లీ కనిపించక తప్పదు. అక్కడ ఒక చుట్టు ఏర్పడుతుంది. ఆ చుట్టుని ఎన్నిసార్లు తిప్పినా చెల్లే మాటే వస్తుంది. ఆగ్డెన్ దీనికి ఒక సౌకర్యం జోడించాడు: మాటలో మనకి నచ్చిన అక్షరాల మీద గీత పెడితే, వాటిలో ఒక్కదాన్నైనా పెంచే చుట్టు తప్పక దొరుకుతుంది. గీత పెట్టవలసిన అక్షరాలు ఎన్నో వ్యాకరణాన్ని బట్టి మారుతుంది. ఆ సంఖ్య 5 అనుకుని చూద్దాం.

సందిగ్ధత లేని వ్యాకరణం ఒకటి ఎవరో తెచ్చి మన చేతిలో పెట్టారనుకోండి. అయిదు a లు, అయిదు b లు, 125 c లు ఉన్న మాట తీసుకుని a ల మీద గీత పెడదాం. దొరికిన చుట్టు తిరిగినప్పుడల్లా a లు పెరగాలి. వాటితోపాటు b లు అంతే సంఖ్యలో పెరగకపోతే a, b ల సమానత్వం పోతుంది. b లు c లు ఎలాగూ సమానం కావు కాబట్టి మాటే చెల్లకుండా పోతుంది. అందుకని ఆ చుట్టు ఒక్కో తిరుగుడుకి కొన్ని a లు, సరిగ్గా అన్ని b లు చేర్చాలి. ఆ కొన్ని అంటే 1 నుంచి 5 లోపు. ఈ సంఖ్యల్లో ఏదైనా 120ని నిశ్శేషంగా భాగిస్తుంది. అందుకే 125 ఎంచుకున్నాం. చుట్టుని సరిపడా తిప్పితే ఇంకో 120 a లు, 120 b లు చేరతాయి. చివరికి 125 a లు, 125 b లు, 125 c లు ఉన్న మాట వస్తుంది.

ఇప్పుడు రెండో చివర నుంచి మొదలుపెడదాం. 125 a లు, అయిదు b లు, అయిదు c లు. ఈసారి గీత c ల మీద. అదే తర్కంతో b లనీ c లనీ కలిపి పెంచే చుట్టు దొరుకుతుంది. దాన్ని తిప్పినా చివరికి వచ్చేది 125, 125, 125 మాటే.

ఒకే మాట రెండు దారుల్లో వచ్చింది. ఆ రెండు దారుల చెట్టు ఒకటే అయ్యే వీలుందా? ఉంటే ఆ చెట్టులో రెండు చుట్లూ ఉండాలి. మొదటి చుట్టుకి ఎడమ కొస a, కుడి కొస b. దాని లోపల a లు b లు తప్ప c కి చోటు లేదు. రెండో చుట్టుకి ఎడమ కొస b, కుడి కొస c. దాని లోపల a కి చోటు లేదు. కాబట్టి ఒకటి ఇంకోదాని లోపల ఇమడదు. చెట్టులో రెండు భాగాలు ఒకదానిలో ఒకటి లేకపోతే పూర్తిగా వేరుగా ఉంటాయి, వాటి b లూ వేరుగానే ఉంటాయి. మొదటి చుట్టుకి 120 పైన b లు కావాలి, రెండోదానికీ 120 పైన కావాలి. మొత్తం 240 దాటాలి. మాటలో ఉన్నవి 125 మాత్రమే. కాబట్టి చెట్లు రెండు. సందిగ్ధత లేదన్న వ్యాకరణంలో సందిగ్ధత బయటపడింది. 5 స్థానంలో అంతకంటే పెద్ద సంఖ్య ఏది ఉన్నా లెక్క ఇలాగే నడుస్తుంది. అప్పుడు 120 స్థానంలో ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటి లబ్ధం వేసుకుంటాం.

నాకు ఈ నిరూపణలో నచ్చేది ఆ చివరి లెక్క. ఎంత తెలివైన వ్యాకరణం వచ్చినా, దాని నియమాలు ఎన్ని వేలున్నా, మధ్యలో ఉన్న b లు రెండు వైపులా జోడీ కట్టడానికి సరిపోవు.

ఇలాంటి భాషలు ఉన్నాయని మొదట చూపించింది రోహిత్ పారిఖ్. గుజరాత్‌లోని పాలన్‌పూర్‌లో 1936లో పుట్టిన మనిషి. 1961లో ఎం.ఐ.టి.లో రాసిన నివేదికలో ఈ ఫలితం ఉంది. ఆయన తీసుకున్న భాష ఇక్కడ చెప్పినది కాదు, a లు b లు నాలుగు గుంపులుగా మారి మారి వచ్చేది. అప్పటికి ఆగ్డెన్ పనిముట్టు లేదు. ఇలాంటి భాషలకి పుట్టు సందిగ్ధత ఉందంటాం: వ్యాకరణం మార్చినా పోనిది, భాషతో పుట్టినది.

అయితే దీన్ని చదవలేని భాష అనుకోకూడదు. ఒక మాట చెల్లుతుందో లేదో చెప్పడానికి a లు, b లు, c లు విడివిడిగా లెక్కపెట్టుకుని పోలిస్తే చాలు, చిన్నపిల్లలు చేయగల పని. అసాధ్యమైనది ప్రతి మాటకీ ఒక్క చెట్టే ఇచ్చే వ్యాకరణం. తీసివేతల లెక్కలో సందిగ్ధత జవాబుని మార్చేసింది కాబట్టి అర్థంతో ముడిపడినట్టు కనిపించింది. ఇక్కడ `aabbcc`కి అర్థమే లేదు, అయినా చెట్లు రెండు.

మరి నా చేతిలో ఉన్న వ్యాకరణం ఏ రకమో తెలిసేది ఎలా? 1962లో డేవిడ్ కాంటర్, రాబర్ట్ ఫ్లాయిడ్ విడివిడిగా తేల్చిన సంగతి ఏమిటంటే, ఏ వ్యాకరణం ఇచ్చినా అది సందిగ్ధమో కాదో చెప్పే ప్రోగ్రాం రాయడం సాధ్యం కాదు. భాషకి పుట్టు సందిగ్ధత ఉందా అన్న ప్రశ్నకీ అదే గతి. `yacc`, `bison` లాంటి పనిముట్లు నియమాలు చదివి `shift/reduce conflict` అని హెచ్చరిస్తాయి. చాలామంది దాన్నే సందిగ్ధతకి రుజువు అనుకుంటారు. కాదు. ‘వికటకవి’లా ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాటలకి సందిగ్ధత లేని వ్యాకరణం చక్కగా రాయవచ్చు. ఒక్కో మాటకి చెట్టు ఒక్కటే. అయినా `bison` ఆ వ్యాకరణాన్ని చూసి హెచ్చరిస్తుంది. ఎడమ నుంచి ఒక్కో అక్షరం చదువుకుంటూ వస్తున్న దానికి, ‘ట’ దగ్గరే మాట సగమైందని అక్కడ తెలియదు.